గడువుకి పది రోజుల ముందు

పేపరు వేసే అబ్బాయితో "రేపట్నుంచి వద్దు బాబూ" అని చెబితే ఆ ఇంటి చందా ఆగినట్టే. చెప్పినవాళ్లకీ తెలుసు, విన్నవాడికీ తెలుసు. ఫోన్లో పాటల యాప్‌కి నెలనెలా డబ్బు కట్టే మనిషి విషయంలో అంత తేటగా ఉండదు. గడువు నిన్నటితో అయిపోయింది, ఇవాళ డబ్బు రాలేదు. వెళ్లిపోయాడా? జీతం పడ్డాక కడదామని ఆగాడా? బ్యాంకు కొత్త కార్డు ఇస్తే పాత నంబరు చెల్లకుండా పోయిందా? కంపెనీ కంప్యూటర్లో ఈ ముగ్గురూ ఒకేలా కనిపిస్తారు. చందాదారులు ఇలా జారిపోవడాన్ని ఈ వ్యాపారంలో 'చర్న్' అంటారు. ఎవరు జారిపోబోతున్నారో ముందే పసిగట్టే పనికి నేను కొన్నేళ్లుగా దగ్గరగా ఉన్నాను. కొత్తగా వచ్చినవాళ్లకి ఈ పని నేర్పాల్సి వస్తే ఇప్పటికీ తైవాన్ పాటల కంపెనీ ఒకటి బయటపెట్టిన లెక్కలనే తెరుస్తాను.

ఆ కంపెనీ పేరు కేకేబాక్స్. డబ్ల్యూఎస్‌డీఎం అనే కంప్యూటర్ పరిశోధకుల సదస్సు 2018లో జరిగింది. దాని కోసం కేకేబాక్స్ తన చందాదారుల చిట్టాలను కాగిల్ అనే పోటీల వేదికలో ఉంచింది. పేర్లు తీసేసి, మనిషికొక సంకేతం మాత్రం ఉంచారు. ముఖ్యమైన చిట్టాలు మూడు. సభ్యుడి వివరాలు ఒకటి, ఎప్పుడెప్పుడు ఎంత కట్టాడన్నది ఇంకొకటి, రోజుకి ఎన్ని పాటలు ఎంతసేపు విన్నాడన్నది మూడోది. అడిగిన ప్రశ్న ఒక్కటే: 2017 మార్చిలో గడువు తీరే సభ్యుల్లో ఎవరు తిరిగి కట్టరు?

'తిరిగి కట్టకపోవడం' అంటే ఏమిటో వాళ్లు ముందే తేల్చి చెప్పారు. గడువు తీరిన 30 రోజుల్లోపు కొత్త చందా కట్టకపోతే వెళ్లిపోయినట్టు. వాళ్ల చందాల్లో ఎక్కువ భాగం 30 రోజులవే కాబట్టి ఆ కొలత పెట్టుకున్నారు. ఇంకో మాట కూడా హెచ్చరికగా రాశారు. చెల్లింపుల చిట్టాలో `is_cancel` అనే గడి ఉంది, సభ్యుడు తనంతట తాను చందా రద్దు చేస్తే అందులో 1 పడుతుంది. అలా పడినంత మాత్రాన మనిషి వెళ్లిపోయినట్టు కాదు. చాలామంది ఒక ప్లాన్ వదిలి ఇంకో ప్లాన్‌లోకి మారడానికి రద్దు చేస్తారు. మొదటిసారి చూసేవాళ్లు ఆ గడినే జవాబుగా పట్టేసుకుంటారు. అక్కడే దారి తప్పుతారు.

ఈ నిర్వచనం దగ్గర తొందరపడకూడదని నేను గట్టిగా చెబుతాను. 7 రోజులు పెట్టుకున్నామనుకోండి. గడువు దాటాక పన్నెండో రోజున డబ్బు కట్టే మనిషి కూడా వెళ్లిపోయినవాడి కింద లెక్కకొస్తాడు. అప్పుడు మనం తయారుచేసే మోడల్ వెళ్లిపోయేవాళ్లను కాక, ఆలస్యంగా కట్టే అలవాటున్నవాళ్లను గుర్తుపట్టడం నేర్చుకుంటుంది. పోనీ 90 రోజులు పెడదామా అంటే, ఇవాళ జరిగినదాని ఫలితం మూడు నెలల తరవాత గానీ తెలియదు. ఈలోపు ధరలు మారతాయి, పోటీ కంపెనీ కొత్త ఆఫర్ తెస్తుంది, మోడల్ నేర్చుకున్నది పాతబడుతుంది. మీ చందాదారుల్లో గడువు దాటాక కట్టేవాళ్లు ఎన్నో రోజుకల్లా కట్టేస్తున్నారో పాత చిట్టాల్లో చూడండి. ఆ రాబడి దాదాపు ఆగిపోయే రోజు దగ్గర గీత గీయాలి.

నిర్వచనం తరవాత అంతకంటే ముఖ్యమైన ప్రశ్న ఒకటుంది. ఈ జోస్యం ఏ రోజున చెప్పాలి? మార్చి 20న గడువు తీరే మనిషి గురించి మార్చి 20న తెలిస్తే మనం చేయగలిగింది ఏమీ మిగలదు. కబురు పంపాలి, ఆయన చదవాలి, ఆలోచించాలి, వీలైతే చెల్లింపు సరిచేసుకోవాలి. ఇదంతా జరగాలంటే పది రోజులైనా చేతిలో ఉండాలి. అంటే మార్చి 10 ఉదయానికి మనకి తెలిసినదాంతోనే అంచనా వేయాలి. ఆ తరవాత జరిగిన ఏ సంగతీ మోడల్ కంట పడకూడదు. ఇది వినడానికి తేలిక, చేయడంలో తరచూ తప్పుతుంది.

కేకేబాక్స్ చిట్టాల్లోనే ఈ చిక్కు చూడొచ్చు. పోటీదారులకి మార్చి 31 దాకా ఉన్న చిట్టాలు ఇచ్చారు. మార్చి 5న గడువు తీరినవాడి విషయంలో, గడువు తరవాతి రోజుల వినికిడి కూడా వాటిలో ఉంది. గడువు దాటాక పాటలు విననివాడు వెళ్లిపోయి ఉంటాడని ఎవరైనా చెప్పగలరు. పోటీలో ఆ సంగతి వాడుకుంటే మార్కులు పెరుగుతాయి. అదే మోడల్‌ని వ్యాపారంలో పెడితే మార్చి 10 ఉదయాన దానికి ఆ సంగతి దొరకదు. అందుకే నేను నేర్పేటప్పుడు అందరిచేతా ముందు ఈ నాలుగు వరుసలు రాయిస్తాను:

```python
df = logs.merge(expiry, on="msno")
gap = pd.Timedelta(days=10)
df["cutoff"] = df["membership_expire_date"] - gap
past = df[df["date"] < df["cutoff"]]
```

`msno` అంటే సభ్యుడి సంకేతం. ప్రతి మనిషికీ తన గడువు నుంచి పది రోజులు వెనక్కి లెక్కపెట్టి, ఆ తేదీకి ముందున్న చిట్టాను మాత్రమే ఉంచుతున్నాం. అందరికీ ఒకే తేదీ పెట్టకపోవడం ఇక్కడ కీలకం. ఇకమీద ఏ లెక్క వేసినా `past` నుంచే వేయాలి.

నేను పనిచేసిన ఒకచోట ఈ జాగ్రత్త తప్పింది. మోడల్ నూటికి తొంభై ఎనిమిదిమంది విషయంలో సరిగ్గా చెబుతోందని మేమంతా సంబరపడ్డాం. దాన్ని పనిలో పెట్టాక మొదటి నెలలోనే అంచనాలు దారుణంగా తప్పాయి. వెనక్కి వెళ్లి వెతికితే, మోడల్ తన బలమంతా ఒకే గడి మీద పెట్టుకుందని తేలింది. అది కస్టమర్ కేర్‌కి వచ్చిన చివరి కాల్ ఏ రకానిది అన్న గడి. అందులో 'నిలుపుదల విభాగం' అని ఉన్నవాళ్లు దాదాపు అందరూ వెళ్లిపోయినవాళ్లే. ఎందుకంటే, మానేస్తామని చెప్పినవాళ్ల కాల్‌నే ఆ విభాగానికి కలుపుతారు. మోడల్ కనిపెట్టిందేమీ లేదు, వాళ్లు చెప్పిందే మళ్లీ మనకి చెప్పింది. అప్పటి నుంచి నాకొక అలవాటు. ఫలితం మరీ బాగుంటే, ఒకే ఒక్క గడి మిగతావాటన్నిటికంటే ఎంతో ఎత్తున నిలబడితే, ముందు ఆ గడిలోకి సమాచారం ఏ రోజున ఎవరు ఎక్కిస్తారో ఆ పని చేసే మనిషినే అడిగి తెలుసుకుంటాను.

మోడల్‌కి మనం ఇచ్చే ఆనవాళ్లను ఫీచర్లు అంటారు. వందలకొద్దీ తయారుచేయొచ్చు, కానీ పనికొచ్చేవి కొద్ది. కేకేబాక్స్ లెక్కల్లో అన్నిటికంటే బలమైన ఆనవాళ్లు పాటల్లో లేవు, చెల్లింపుల్లో ఉన్నాయి. ముఖ్యంగా `is_auto_renew`, అంటే గడువు రాగానే డబ్బు దానంతటదే కోతపడే ఏర్పాటు ఉందా లేదా అన్నది. అది ఉన్న మనిషి ఏమీ చేయకపోతే ఉండిపోతాడు. లేని మనిషి ఏమీ చేయకపోతే వెళ్లిపోతాడు. బద్ధకం మొదటివాణ్ణి కట్టిపడేస్తుంది, రెండోవాణ్ణి జార్చేస్తుంది. ఈ రెండు గుంపులనూ కలిపి ఒకే సగటు తీస్తే ఏదీ అర్థం కాదు. నేనైతే మొదట్లోనే వాళ్లను విడదీసి, ఒక్కో గుంపుని వేరుగా చూస్తాను. చెల్లింపుల చిట్టాలో ఇంకో మంచి ఆనవాలు కూడా ఉంది. ప్లాన్ అసలు ధర `plan_list_price`, నిజంగా కట్టింది `actual_amount_paid`. తక్కువ ధరకి చేరిన మనిషికి ఈ నెల మొదటిసారి పూర్తి ధర పడబోతోందా అన్నది ఆ రెండిటినీ పక్కపక్కన పెడితే బయటపడుతుంది.

వినికిడి విషయంలో చాలామంది మొత్తం నిమిషాలు లెక్కపెడతారు. రోజుకి ఇరవై నిమిషాలు వినే మనిషి ప్రమాదంలో ఉన్నట్టా? ఆయన మూడేళ్లుగా ఉదయం నడకలో ఇరవై నిమిషాలే వింటుంటే భయం లేదు. రోజుకి రెండు గంటలు వినే మనిషి ఇరవై నిమిషాలకి పడిపోతే మాత్రం ఏదో మారింది. అందుకని మనిషిని వేరే మనిషితో పోల్చకుండా, తన పాత అలవాటుతోనే పోల్చాలి. గత రెండు వారాల్లో రోజుకి సగటున ఎంత విన్నాడు, అంతకుముందు ఆరు వారాల్లో ఎంత విన్నాడు, మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే ఎంత? ఈ ఒక్క నిష్పత్తి మొత్తం నిమిషాలకంటే ఎక్కువ చెబుతుంది. అలాగే ఆ చిట్టాలో పాటలో నాలుగోవంతు కూడా వినకుండా దాటేసిన పాటలెన్నో `num_25` గడిలో, దాదాపు పూర్తిగా విన్నవెన్నో `num_100` గడిలో ఉంటాయి. దాటేసేవి పెరిగి పూర్తిగా వినేవి తగ్గుతుంటే, కావలసిన పాట ఆయనకి దొరకడం లేదేమో అనుకోవడానికి ఆస్కారం ఉంది.

ఈ పోలికలో పండుగల్ని మరవకూడదు. 2017లో చాంద్రమాన కొత్త సంవత్సరం జనవరి 28న వచ్చింది, తైవాన్‌లో అది పెద్ద సెలవుల కాలం. సంక్రాంతికి ఊళ్లకు వెళ్లిన మనవాళ్ల ఫోన్ వాడకం మారినట్టే అక్కడి రోజువారీ అలవాట్లూ ఆ వారంలో మారతాయి. మార్చిలో గడువు తీరే మనిషి పాత అలవాటు లెక్కలో ఆ వారం కలిసి ఉంటుంది. కాబట్టి ఒక మనిషి వినికిడి తగ్గితే, అదే వారంలో అందరి వినికిడీ ఎంత తగ్గిందో చూసి, ఆ మేరకు తీసేసి లెక్కపెట్టాలి.

సభ్యుల వివరాల చిట్టా మాత్రం నాకు పెద్దగా ఉపయోగపడలేదు. వయసు గడిలో మైనస్ 7000 నుంచి 2015 దాకా అంకెలున్నాయని వాళ్లే రాశారు. ఆడా మగా అన్న గడి చాలామందికి ఖాళీ. అవన్నీ శుభ్రం చేస్తూ వారాలు గడిపేవాళ్లను చూశాను. ఒక వేళ వయసు సరిగ్గా ఉన్నా, పాతికేళ్లవాళ్లు ఎక్కువగా వెళ్లిపోతున్నారని తెలిస్తే చేసేదేముంది? ధర మొదటిసారి పూర్తిగా పడబోతోందని తెలిస్తే ముందే చెప్పొచ్చు. కార్డు గడువు తీరబోతోందని తెలిస్తే మార్చుకోమనొచ్చు. రెండు ఆనవాళ్లు సమానంగా అంచనాకి సాయపడుతుంటే, వాటిలో ఏది చూసి మనం ఒక పని చేయగలమో దాన్నే ఉంచడం నా పద్ధతి.

మోడల్ తయారయ్యాక దాన్ని పరీక్షించడంలో రెండు ఉచ్చులున్నాయి. కేకేబాక్స్ లెక్కల్లో ఫిబ్రవరిలో గడువు తీరినవాళ్లలో వెళ్లిపోయింది సుమారు 6 శాతం. అంటే "ఎవరూ వెళ్లరు" అని కళ్లు మూసుకుని చెప్పినా నూటికి 94 సార్లు నిజమవుతుంది. కాబట్టి "మా మోడల్ 94 శాతం కరెక్ట్" అని ఎవరైనా అంటే దానికి విలువ లేదు. మోడల్ బాగా అనుమానించిన మొదటి వందమందిలో నిజంగా వెళ్లినవాళ్లెందరో అడగాలి. రెండో ఉచ్చు కాలానికి సంబంధించినది. మార్చిలో గడువు తీరినవాళ్లలో వెళ్లిపోయింది సుమారు 9 శాతం. ఒక్క నెలలో అంత తేడా! అన్ని నెలలవాళ్లనూ కలిపేసి, పేక ముక్కల్లా కలిపి, కొందరితో నేర్పి కొందరితో పరీక్షిస్తే ఈ తేడా కనబడదు. ఫిబ్రవరివాళ్లతో నేర్పి మార్చివాళ్ల మీద పరీక్షిస్తేనే పని జరిగే తీరు తెలుస్తుంది. అప్పుడు మోడల్ వరస సరిగ్గానే పెట్టినా, ఇచ్చే శాతాలు తక్కువగా ఉండొచ్చు. 30 శాతం ప్రమాదం అని చెప్పిన వందమందిని తీసుకుని, వాళ్లలో నిజంగా ముప్ఫైమందే వెళ్లారా, నలభై అయిదుమంది వెళ్లారా అని చూడాలి. డబ్బు లెక్క ఆ శాతాల మీదే నడుస్తుంది కాబట్టి ఈ సరిచూపు తప్పదు.

ఇక అసలైన సంగతి. ఫలానా వెయ్యిమంది వెళ్లిపోయేలా ఉన్నారని తెలిసింది. ఏం చేయాలి? వాళ్లందరికీ సగం ధర ఆఫర్ పంపడమే చాలా కంపెనీలు చేసేది. దీన్ని ఒక ఊహా లెక్కతో చూద్దాం.

నెలకి 200 రూపాయల చందా. ప్రమాదంలో ఉన్న వెయ్యిమందిలో సగటున 40 శాతం వెళ్లిపోతారని మోడల్ చెప్పింది. అది చాలా మంచి మోడల్ అనుకుందాం, సరిగ్గా 400 మంది వెళ్లేవాళ్లు, 600 మంది ఎలాగూ ఉండేవాళ్లు. అందరికీ ఈ నెల 100 రూపాయలు తగ్గించాం. ఎలాగూ ఉండబోయిన 600 మంది సంతోషంగా ఆ తగ్గింపు తీసుకున్నారు. అక్కడ పోయింది 60,000 రూపాయలు. వెళ్లబోయిన 400 మందిలో 40 మంది ఆఫర్ చూసి ఆగారు. వాళ్లు ఈ నెల 100, తరవాత ఇంకో మూడు నెలలు 200 చొప్పున కట్టారనుకుంటే మనిషికి 700, మొత్తం 28,000 రూపాయలు. నికరంగా 32,000 నష్టం. ఈ ఆఫర్ ఖర్చు రాబట్టాలన్నా 400 మందిలో 86 మందిని ఆపాలి, అంటే అయిదుగురిలో ఒకరికి పైగా. మోడల్ అంత మంచిదైనా ఫలితం ఇదీ.

ఆ నెల మీటింగులో ఇది నష్టంగా కనబడదు. ఆఫర్ ఇచ్చిన వెయ్యిమందిలో 640 మంది ఉండిపోయారు, "640 మందిని నిలబెట్టాం" అని తెర మీద పెద్ద అక్షరాలతో వస్తుంది. అందులో 600 మంది ఎలాగూ ఉండేవాళ్లని చెప్పడానికి ఎవరి దగ్గరా ఆధారం ఉండదు. ఆ ఆధారం దొరకాలంటే, ఆ వెయ్యిమందిలో చీటీ తీసినట్టు ఓ 200 మందిని పక్కన పెట్టి, వాళ్లకి ఏమీ పంపకుండా ఉండాలి. దాన్నే కంట్రోల్ గ్రూప్ అంటారు. పంపిన 800 మందిలో 64 శాతం ఉండి, పంపని 200 మందిలో 60 శాతం ఉంటే, ఆఫర్ చేసిన మేలు ఆ తేడా నాలుగు శాతమే.

దాన్ని కూడా ఒక్క నెల చూసి నమ్మకూడదు. 200 మంది చిన్న గుంపు. ఏ ఆఫర్ లేకపోయినా, ఇలా చీటీ తీసిన రెండు గుంపుల మధ్య మూడు నాలుగు శాతం తేడా కేవలం యాదృచ్ఛికంగా వస్తుంటుంది. ఈ నెల 64, 60 రావొచ్చు, వచ్చే నెల 62, 63 రావొచ్చు. అయిదారు నెలల ఫలితాలు కూడబెడితే ఆ ఊగిసలాట సగానికంటే తగ్గి, నాలుగు శాతం మేలు నిజమైనదా కాదా అన్నది తేలడం మొదలవుతుంది. అంతవరకు ఓపిక పట్టమని పైవాళ్లకి చెప్పడం, నిజం చెప్పాలంటే, ఈ ఉద్యోగంలో అన్నిటికంటే కష్టమైన భాగం. "ఆ రెండువందలమందిని ఎందుకు గాలికి వదిలేశారండీ?" అని ఒక మేనేజర్‌గారు నన్ను నిలదీశారు. "మిగతా ఎనిమిదివందలమంది మీద పెట్టే ఖర్చు వృథా అవుతోందో లేదో వాళ్లే చెప్పాలి సార్" అన్నాను. ఆ నెలకి ఒప్పుకున్నారు.

ఆఫర్ వల్ల మేలు తక్కువ కావడం ఒక్కటే కాదు, కీడు జరిగిన సందర్భాలూ ఉన్నాయి. ఇవా అస్కార్జా, మరి ఇద్దరు పరిశోధకులు దక్షిణ అమెరికాలోని ఒక మొబైల్ కంపెనీలో చేసిన ప్రయోగం 2016లో 'జర్నల్ ఆఫ్ మార్కెటింగ్ రీసెర్చ్'లో వచ్చింది. మీ వాడకానికి ఈ ప్లాన్ అయితే చవక అని చందాదారులకి కంపెనీయే సలహా ఇచ్చింది. సలహా అందని గుంపులో మూడు నెలల్లో 6 శాతం మంది వెళ్లిపోతే, సలహా అందుకున్న గుంపులో 10 శాతం మంది వెళ్లిపోయారు. మంచి ఉద్దేశంతో చేసిన పని కొరివితో తల గోక్కున్నట్టయింది. అలవాటుగా కట్టుకుంటూ పోతున్న మనిషిని ఆపి, "మీ బిల్లు ఒకసారి చూసుకోండి" అంటే ఆయన బిల్లుతోపాటు బయట దొరికే ధరలూ చూస్తాడు.

అస్కార్జా 2018లో అదే పత్రికలో ఇంకో అడుగు ముందుకు వేశారు. రెండు వేర్వేరు సంస్థల్లో జరిగిన ప్రయోగాలను పరిశీలించి, వెళ్లిపోయే ప్రమాదం ఎక్కువున్నవాళ్లే ఆఫర్‌కి తగినవాళ్లు అనుకోవడం సరికాదని చూపించారు. ఆలోచిస్తే ఇది సహజం. మరీ ఎక్కువ ప్రమాదంలో ఉన్నవాడు ఇప్పటికే వేరే యాప్‌కి డబ్బు కట్టేసి ఉండొచ్చు, మన వంద రూపాయలు ఆయన్ని వెనక్కి తేలేవు. మధ్యలో ఊగిసలాడుతున్నవాడికి చిన్న సాయం సరిపోవచ్చు. కాబట్టి 'ఎవరు వెళ్తారు' అన్న ప్రశ్న స్థానంలో 'మనం పలకరిస్తే ఎవరి నిర్ణయం మారుతుంది' అన్న ప్రశ్న పెట్టాలి. దానికి జవాబు వెతికే పద్ధతి మరీ కష్టమైనదేం కాదు. ఆఫర్ అందుకున్నవాళ్లతో ఒక మోడల్, అందుకోనివాళ్లతో ఇంకో మోడల్ తయారుచేస్తారు. ప్రతి మనిషికీ రెండు అంచనాలూ తీసి, ఒకదాంట్లోంచి ఇంకోటి తీసేస్తారు. తేడా ఎక్కువున్నవాళ్లకి ఆఫర్ వెళ్తుంది. దీన్ని అప్‌లిఫ్ట్ మోడల్ అంటారు. చీటీ తీసి పక్కన పెట్టిన గుంపు లేకపోతే ఈ లెక్క మొదలే కాదు. పైగా దీనికి మామూలు మోడల్‌కంటే చాలా ఎక్కువమంది కావాలి, ఎందుకంటే రెండు అంచనాల్లోని తప్పులూ తేడాలో కలుస్తాయి. అయిదువేల చందాదారులున్న చిన్న యాప్ దీని జోలికి పోకుండా, కారణాలను బట్టి మనుషుల్ని మూడు నాలుగు గుంపులుగా విడదీసుకుంటే చాలు.

ఆ కారణాల్లో మన దేశంలో ప్రత్యేకంగా చూడాల్సింది, మానేద్దామని అనుకోకుండానే చందా ఆగిపోయేవాళ్లు. కార్డు నుంచి దానంతటదే డబ్బు కోతపడే చెల్లింపులకి రిజర్వ్ బ్యాంకు కొత్త నిబంధనలు 2021 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. మొదటి నమోదుకి అదనపు ధ్రువీకరణ కావాలి, ప్రతి కోతకీ కనీసం 24 గంటల ముందు కబురు అందాలి, పరిమితి దాటిన మొత్తానికి ప్రతిసారీ మళ్లీ ధ్రువీకరించాలి. ఆ పరిమితి మొదట 5,000 రూపాయలు, 2022 జూన్‌లో 15,000 చేశారు. వినియోగదారుడికి ఇది మంచి రక్షణ. అదే సమయంలో నమోదు పూర్తికాని కార్డులవల్ల చెల్లింపు ఆగిపోయిన మనిషి, చిట్టాలో మానేసిన మనిషిలాగే కనిపిస్తాడు. ఆయన నిన్న రాత్రి కూడా సినిమా చూసి ఉంటాడు. ఆయనకి సగం ధర ఆఫర్ పంపితే వంద రూపాయలు ఊరికే ఇచ్చినట్టు. "మీ చెల్లింపు జరగలేదు, ఇక్కడ సరిచేసుకోండి" అని ఒక తెలుగు మెసేజ్, రెండు రోజుల తరవాత ఇంకో ప్రయత్నం చాలు. చెల్లింపు విఫలమై ఆగినవాళ్లను, తమంతట తాము ఆపినవాళ్లను మొదటి నుంచీ వేర్వేరు గుర్తులతో రాసిపెట్టుకోవాలి. రెంటినీ ఒకే '1' కింద కలిపేస్తే మోడల్ కార్డు చిక్కుని అసంతృప్తిగా అర్థం చేసుకుంటుంది.

చర్న్ తగ్గించడానికి కొందరు ఎంచుకునే ఇంకో దారి గురించి చెప్పకుండా ఉండలేను. రద్దు చేసే బటన్‌ని నాలుగు పేజీల లోపల దాచడం, ఫోన్ చేస్తేనే ఆపుతామనడం. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబర్‌లో ఇచ్చిన మార్గదర్శకాల్లో చందా ఉచ్చుని నిషేధించిన 13 మోసపు పద్ధతుల్లో చేర్చింది. అది తప్పు అన్నది మొదటి సంగతి. లెక్కలు చూసేవాడిగా నాకు ఇంకో బాధ కూడా ఉంది. వెళ్లాలనుకున్నవాడు దారి దొరక్క ఇంకో రెండు నెలలు చిక్కుకుపోతే, చిట్టాలో అతను నమ్మకమైన చందాదారుగా నమోదవుతాడు. అతని అలవాట్లను చూసి మోడల్ సంతృప్తి అంటే అదే అని నేర్చుకుంటుంది. ఇలాగే, నెలల తరబడి యాప్ తెరవకుండా డబ్బు కడుతున్నవాళ్లను లేపకుండా ఉంటే లాభం కదా అని అడుగుతారు. కబురు పంపితే వాళ్లు పోతారని అప్‌లిఫ్ట్ లెక్క కూడా చెప్పొచ్చు. నేను మాత్రం కబురు పంపమనే చెబుతాను. వాడనిదానికి డబ్బు తీసుకుంటున్నామని తెలిసీ మౌనంగా ఉండటం నాకు సమ్మతం కాదు, మోడల్ ఏం చెప్పినా.

ఒక ఏడాది గడిచాక వచ్చే చిక్కు ఇంకోటుంది. మనం ఆఫర్లు పంపడం మొదలుపెట్టిన రోజు నుంచి చిట్టాలు మారిపోతాయి. వినికిడి సగానికి పడిపోయి, ఆఫర్ చూసి ఆగిన మనిషి కొత్త చిట్టాలో "వినికిడి పడిపోయింది, కానీ వెళ్లలేదు" అని నమోదవుతాడు. మోడల్‌ని ఆ చిట్టాతో మళ్లీ నేర్పితే, వినికిడి పడిపోవడం పెద్ద ప్రమాదం కాదని నేర్చుకుంటుంది. అప్పుడు అలాంటివాళ్లకి ఆఫర్ వెళ్లదు, వాళ్లు వెళ్లిపోతారు, తరవాతి ఏడు మోడల్ మళ్లీ మనసు మార్చుకుంటుంది. మేం ఈ గుండ్రంలో చిక్కుకుని బయటపడటానికి చాలాకాలం పట్టింది. ఎవరికి ఏ తేదీన ఏ కబురు వెళ్లిందో రాసిన గడి మా దగ్గర లేకపోవడమే కారణం. మార్కెటింగ్ విభాగంవాళ్లు పంపిన మెసేజ్‌ల పాత ఫైళ్లు ఒక్కొక్కటే తెరిచి ఆ తేదీలు చేత్తో ఎక్కించాం. ఆ పని పూర్తయ్యాక మాకు మిగిలిన శుభ్రమైన చిట్టా ఒక్కటే, ఏమీ పంపకుండా పక్కన పెట్టిన ఆ రెండువందలమందిది. నెలనెలా వాళ్లను కూడబెట్టి, వాళ్ల మీదే కొత్త మోడల్‌కి నేర్పాం. అడగడానికి వచ్చిన మేనేజర్‌గారు ఆ తరవాతి నెల నుంచి ఆ గుంపుని తానే మూడువందలకి పెంచమన్నారు.